ఆస్తమా గైడ్‌లైన్లు ఒకదానికొకటి విరుద్ధంగా ఉంటే రివ్యూలో ఎలా రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో పల్మనాలజీ, జనరల్ మెడిసిన్ పీజీలు, ఫార్మ్-డి విద్యార్థులు థీసిస్‌లో ‘రివ్యూ ఆఫ్ లిటరేచర్’ రాస్తూ ఆస్తమా చికిత్స దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంటారు. నాలుగు గైడ్‌లైన్లు ముందేసుకుంటే నాలుగూ ఒకే మాట చెప్పవు. గైడ్‌కు చూపిస్తే ‘బ్యాలెన్స్‌డ్‌గా రాయమ్మా’ అంటారు. బ్యాలెన్స్‌డ్‌గా అంటే ఏం చేయాలో చాలామందికి తెలియదు. ఆ పనిని ఒకే ఒక్క విభేదం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించడానికే ఈ పేజీ.

ఏ విభేదాన్ని తీసుకున్నారు?

ఆస్తమా తేలిగ్గా ఉన్న పెద్దవాళ్లకు, అంటే అప్పుడప్పుడు మాత్రమే దమ్ము వచ్చేవాళ్లకు, సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్కటే రాసి పంపవచ్చా, లేక స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా తప్పనిసరా అన్న ప్రశ్న. ఓపీలో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. గత కొన్నేళ్లలో గైడ్‌లైన్లు బాగా చీలిపోయింది కూడా ఇక్కడే.

ఆస్తమా మీద ఏటా ప్రపంచస్థాయి గైడ్‌లైన్ తెచ్చే జినా 2019లో తన వైఖరి మార్చుకుంది. భద్రత దృష్ట్యా సాల్బుటమాల్ వంటి మందును ఒక్కదాన్నే వాడమని ఇకపై చెప్పబోమని ప్రకటించింది. దాని బదులు అవసరమైనప్పుడు తక్కువ మోతాదు బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ కాంబినేషన్ పీల్చమంది. అమెరికా వాళ్ల ఎన్‌ఏఈపీపీ 2020లో అప్‌డేట్ తెచ్చినా, ఇంటర్మిటెంట్ ఆస్తమాకు సాల్బుటమాల్ ఒక్కటే చాలన్న పాత మాటను అలాగే ఉంచింది. బ్రిటన్‌లో నైస్ 2017లో, బీటీఎస్–సైన్ 2019లో ఎప్పుడో ఒకసారి కాసేపు పిల్లికూతలు వచ్చి తగ్గిపోయేవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వడానికి అవకాశం వదిలాయి. ఆ మూడు సంస్థలూ కలిసి 2024 నవంబరులో తెచ్చిన ఉమ్మడి గైడ్‌లైన్ ఆ అవకాశాన్ని తీసేసింది. ఏ వయసువారికైనా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ లేకుండా సాల్బుటమాల్ రాయవద్దంది.

వీళ్లంతా చదివింది ఒకే పరిశోధనలు కదా, మాటలు ఎందుకు వేరయ్యాయి?

ఒకే పరిశోధనలు చదివారనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. రివ్యూలో ఒక్క వాక్యం రాయకముందే ప్రతి గైడ్‌లైన్‌కూ రెండు విషయాలు వెతికి రాసుకోవాలి. దాని సాహిత్య అన్వేషణ ఏ నెలతో ముగిసింది? అది తనకు తాను వేసుకున్న ప్రశ్నలేమిటి?

ఎన్‌ఏఈపీపీనే చూడండి. 2020 డిసెంబరులో వచ్చింది కాబట్టి 2019 నాటి జినా కన్నా కొత్తదని, దాన్ని ఖండించిందని చాలామంది రాసేస్తారు. దాని పద్ధతుల అధ్యాయం తెరిస్తే అన్వేషణ 2018 అక్టోబరుతో ఆగిందని కనిపిస్తుంది. నావెల్ స్టార్ట్, ప్రాక్టికల్ అనే రెండు ముఖ్యమైన ట్రయల్స్ 2019లో అచ్చయ్యాయి. అవి ఆ కమిటీ బల్ల మీదికి రానేలేదు.

అంతకన్నా పెద్ద సంగతి రెండోది. ఆ అప్‌డేట్ మొత్తం ఆస్తమా గైడ్‌లైన్‌ను తిరగరాయలేదు. ముందే ఎంచుకున్న ఆరు అంశాలనే చూసింది: శ్వాసలో నైట్రిక్ ఆక్సైడ్ పరీక్ష, ఇంట్లో అలర్జీ కారకాల తగ్గింపు, విడతలుగా వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్, లామా మందులు, ఇమ్యునోథెరపీ, బ్రాంకియల్ థెర్మోప్లాస్టీ. తేలికపాటి ఆస్తమాలో అవసరమైనప్పుడు బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ వాడటాన్ని అది ప్రత్యేకంగా పరిశీలించలేదు. స్టెప్ 1లో సాల్బుటమాల్ ఉండటానికి కారణం ఎవరో కొత్తగా తీర్పు చెప్పడం కాదు. 2007 నాటి గైడ్‌లైన్ నుంచి ఆ గడి అలాగే వచ్చింది.

అందుకని ‘అమెరికా గైడ్‌లైన్ జినాతో విభేదిస్తోంది’ అని రాస్తే నిజానికి అన్యాయం జరుగుతుంది. ‘అమెరికా గైడ్‌లైన్ ఈ ప్రశ్నను మళ్లీ తెరవలేదు’ అన్నది సరైన మాట. మౌనాన్ని వ్యతిరేకతగా చదవడం నేను థీసిస్‌లలో అన్నిటికన్నా ఎక్కువగా చూసే లోపం.

మందుల అనుమతుల సంగతి కూడా ఉంది. అమెరికాలో బుడెసొనైడ్–ఫార్మోటెరాల్‌ను ఆయాసం వచ్చినప్పుడు వాడే రిలీవర్‌గా ఎఫ్‌డీఏ ఆమోదించలేదు. 2023 జనవరిలో అక్కడ ఆమోదం పొందింది వేరే జోడీ: సాల్బుటమాల్, బుడెసొనైడ్ కలిపిన ఇన్‌హేలర్, 18 ఏళ్లు నిండినవారికి. గైడ్‌లైన్ రాసేవాళ్లు తమ దేశంలోని డాక్టరు రేపు పొద్దున ఏం రాయగలడో కూడా చూసుకుంటారు.

‘స్టెప్ 1’ అంటే అన్ని గైడ్‌లైన్లలో ఒకే రోగి కదా?

కాదు. 2019 జినాలో స్టెప్ 1 అంటే నెలకు రెండు సార్లకన్నా తక్కువ లక్షణాలు ఉన్న మనిషి. అమెరికా ‘ఇంటర్మిటెంట్’ అంటే వారంలో రెండు రోజులు, అంతకు తక్కువ. ఎనుమాముల యార్డులో హమాలీ పని చేసే ఒకాయనకు వారానికోసారి దమ్ము వస్తుందనుకోండి. అమెరికా లెక్కలో ఆయన మొదటి మెట్టు మీద ఉన్నాడు, సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వవచ్చు. అదే జినా లెక్కలో ఆయన అప్పటికే మొదటి మెట్టు దాటేశాడు.

అంటే ఈ రెండు గైడ్‌లైన్ల మధ్య విభేదంలో కొంత భాగం మందు గురించి కాదు, మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టాలన్న దాని గురించి. మీ రివ్యూలో స్టెప్ నంబర్లను పక్కపక్కన పెట్టి పోల్చకండి. ‘వారంలో రెండు రోజులకు మించని లక్షణాలు ఉన్నవారిలో’ అని రోగిని వర్ణించి, ఆ రోగికి ఎవరేమన్నారో రాయండి. జినా తరవాతి ఏళ్లలో తన మెట్ల హద్దులు మార్చింది కాబట్టి, మీరు చూసిన సంవత్సరం ప్రతిసారీ చెప్పాల్సిందే.

ట్రయల్స్ కూడా చదవాలా? గైడ్‌లైన్ల సారాంశం చాలదా?

ఈ విభేదం విషయంలో చాలదు. పెద్ద భారమంతా మోస్తున్నవి నాలుగే ట్రయల్స్. మూల పత్రాలు తెరిచి చదివితే గైడ్‌లైన్లు ఎక్కడ చీలాయో మీ కళ్లతోనే చూస్తారు. ముందు సిగ్మా-1 తీసుకోండి.

ఇది 2018లో వచ్చింది. 12 ఏళ్లు, ఆపై వయసున్న 3,849 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆయాసం వస్తే టెర్బుటలిన్ మాత్రమే. ఇది సాల్బుటమాల్ కోవ మందే. రెండో గుంపుకు ఆయాసం వస్తే బుడెసొనైడ్–ఫార్మోటెరాల్. మూడో గుంపుకు రోజూ రెండు పూటలా బుడెసొనైడ్, ఆయాసం వస్తే టెర్బుటలిన్.

ఏడాదికి ఒక్కో మనిషికి వచ్చిన తీవ్రమైన అటాక్‌ల సగటు మొదటి గుంపులో 0.20, రెండో గుంపులో 0.07, మూడో గుంపులో 0.09. ఈ ఒక్క అంకె చూస్తే జినా చెప్పినదే సరి అనిపిస్తుంది. రెండో గుంపువాళ్లు పీల్చిన స్టెరాయిడ్ మీడియన్ రోజుకు 57 మైక్రోగ్రాములే, మూడో గుంపువాళ్లది 340. అంటే దాదాపు ఆరో వంతు స్టెరాయిడ్‌తో అటాక్‌ల నుంచి అంతే రక్షణ దొరికింది.

కానీ ఆ ట్రయల్ ప్రధానంగా కొలిచింది అటాక్‌లను కాదు. ఆస్తమా బాగా అదుపులో ఉన్న వారాలు ఎన్ని అన్నది. అక్కడ మొదటి గుంపు 31.1 శాతం, రెండోది 34.4 శాతం, మూడోది 44.4 శాతం. రోజువారీ లక్షణాల అదుపులో రోజూ స్టెరాయిడ్ వాడినవాళ్లే ముందున్నారు. అదే ట్రయల్, అవే రోగులు. అటాక్‌లను చూస్తే ఒక జవాబు, లక్షణాలను చూస్తే ఇంకో జవాబు.

అటాక్‌తో ఎమర్జెన్సీకి రావడాన్ని, ప్రాణం పోవడాన్ని ముందు పెట్టుకున్న కమిటీ అవసరమైనప్పుడు కాంబినేషన్ అంటుంది. రోగి రోజూ హాయిగా ఉండటాన్ని ముందు పెట్టుకున్న కమిటీ రోజువారీ స్టెరాయిడ్‌ను వదలదు. ఆస్తమా కంట్రోల్ ప్రశ్నావళి స్కోరులో రెండో, మూడో గుంపుల మధ్య తేడా 0.15 మాత్రమే. రోగికి తెలిసేంత తేడా అంటే కనీసం 0.5 ఉండాలి. ఈ మాట కూడా రాస్తేనే చదివేవాళ్లకు పూర్తి బొమ్మ కనిపిస్తుంది.

మిగిలిన మూడు ట్రయల్స్ ఏం కలుపుతాయి?

సిగ్మా-2లో సాల్బుటమాల్ ఒక్కటే వాడే గుంపు లేదు. రోజువారీ బుడెసొనైడ్‌ను అవసరమైనప్పటి కాంబినేషన్‌తో పోల్చింది. తీవ్రమైన అటాక్‌లు ఏడాదికి 0.12, 0.11. దాదాపు సమానం. కాబట్టి ‘సాల్బుటమాల్ ఒక్కటే చాలదు’ అన్న వాక్యం కింద సిగ్మా-2ను ఉటంకించకూడదు. ఇది చాలా థీసిస్‌లలో కనిపిస్తుంది.

నావెల్ స్టార్ట్, ప్రాక్టికల్ వేరే బాపతు. సిగ్మా ట్రయల్స్‌లో ఎవరికి ఏ మందు అందుతోందో తెలియకూడదు కాబట్టి అవసరమైనప్పుడే వాడాల్సిన గుంపు కూడా రోజూ రెండు పూటలా డమ్మీ ఇన్‌హేలర్ పీల్చింది. నిజ జీవితంలో అలా ఉండదు. నావెల్ స్టార్ట్, ప్రాక్టికల్ రెండూ ఓపెన్ లేబుల్. రోగికి తన మందేమిటో తెలుసు, డమ్మీ లేదు. మామూలు వాడకానికి ఇవి దగ్గర. అదే సమయంలో, తనకు కొత్త మందు ఇచ్చారని తెలిసిన రోగి లక్షణాలను వేరుగా చెప్పే ప్రమాదమూ ఉంది.

నావెల్ స్టార్ట్‌లో సాల్బుటమాల్ గుంపుకు అటాక్‌లు ఏడాదికి 0.400, కాంబినేషన్ గుంపుకు 0.195, రోజువారీ బుడెసొనైడ్ గుంపుకు 0.175. ఈ 0.400 చూసి సిగ్మా-1లో 0.20 కదా, రెట్టింపు ఎలా అయిందని కంగారు పడకండి. నావెల్ స్టార్ట్ లెక్కలో డాక్టరు దగ్గరికి అత్యవసరంగా వెళ్లడం, ఒకే రోజు ఇన్‌హేలర్ పరిమితికి మించి వాడటం కూడా అటాక్ కిందే వస్తాయి. సిగ్మా-1 అంకె తీవ్రమైన అటాక్‌లది మాత్రమే. రెండు అంకెలను ఒకే పట్టికలో ఒకే శీర్షిక కింద పెట్టారంటే రివ్యూ అక్కడే చెడింది. నావెల్ స్టార్ట్‌లో తీవ్రమైన అటాక్‌లు విడిగా కాంబినేషన్ గుంపులో 9, సాల్బుటమాల్ గుంపులో 23, రోజువారీ బుడెసొనైడ్ గుంపులో 21.

న్యూజిలాండ్‌లో జరిగిన ప్రాక్టికల్ ట్రయల్‌లో తీవ్రమైన అటాక్‌లు కాంబినేషన్‌తో 0.119, రోజువారీ బుడెసొనైడ్‌తో 0.172. తేడా ఉంది కానీ అంచు మీద ఉంది, పి విలువ 0.049. ‘ఉన్నతమని నిరూపితమైంది’ అని బల్లగుద్ది రాయడానికి అది చాలదు.

జినా ‘ఎవిడెన్స్ ఎ’ అంటుంది, ఎన్‌ఏఈపీపీ ‘కండిషనల్, మోడరేట్’ అంటుంది. వీటిని ఒకే స్కేలుకు మార్చవచ్చా?

మార్చకండి. ఎన్‌ఏఈపీపీ వాడింది గ్రేడ్ పద్ధతి. అందులో ఆధారం ఎంత గట్టిదన్నది ఒకటి, సిఫారసు ఎంత గట్టిదన్నది ఇంకొకటి. ఆధారం మోస్తరుగా ఉన్నా సిఫారసు గట్టిగా ఉండవచ్చు, అటుదిటు కూడా కావచ్చు. జినా అక్షరం ప్రధానంగా ఆధారం ఎలాంటి పరిశోధనల నుంచి, ఎన్నిటి నుంచి వచ్చిందో చెబుతుంది. ఏ పత్రం మాట ఆ పత్రం మాటగానే రాసి, పక్కన అది దేన్ని కొలుస్తుందో ఒక్క ముక్క చెప్పండి.

ఇక్కడ ఒక చిన్న వివరం ఎంతో విలువైనది. 2019లో జినా స్టెప్ 1లో కాంబినేషన్‌కు ఇచ్చింది ‘ఎ’ కాదు, ‘బి’. సిగ్మా-1లో చేరినవాళ్లు స్టెప్ 2 చికిత్స అవసరమైనవాళ్లు. అంతకన్నా తేలిగ్గా ఉన్నవాళ్లకు ఆ ఫలితాన్ని పరోక్షంగా వర్తింపజేశారు. ఆ సంగతి జినాయే తన పత్రంలో ఒప్పుకుంది. జినాను ఉటంకించే థీసిస్‌లలో మాత్రం ఈ మాట కనిపించదు.

అగ్రీ-2 స్కోరు వేసి ఎక్కువ వచ్చిన గైడ్‌లైన్‌నే అనుసరిస్తే?

అగ్రీ-2లో 23 అంశాలు, ఆరు విభాగాలు ఉన్నాయి. గైడ్‌లైన్‌ను ఎంత పద్ధతిగా తయారుచేశారో అది కొలుస్తుంది. దాని సిఫారసు సరైనదా కాదా చెప్పదు. ఎన్‌ఏఈపీపీ లాగా గ్రేడ్ పద్ధతిలో పకడ్బందీగా తయారైన పత్రానికి స్కోరు బాగా వచ్చినా, 2019 ట్రయల్స్‌ను అది చూడలేదన్న సంగతి మారదు. స్కోరు వేయండి, ఇద్దరు విడివిడిగా వేసి పోల్చుకోండి, ఫలితాన్ని ఒక పేరాలో చెప్పండి. తీర్పు మాత్రం దాని చేతికి ఇవ్వకండి.

మందుల కంపెనీ డబ్బు గురించి రాయాలా?

రాయాలి, కానీ ఆరోపణగా కాదు. సిగ్మా ట్రయల్స్ రెంటికీ డబ్బు పెట్టింది ఆస్ట్రాజెనెకా. ఆ కాంబినేషన్ తయారీదారు అదే. ప్రాక్టికల్‌కు నిధులు న్యూజిలాండ్ హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్ నుంచి వచ్చాయి. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే చాలు. కంపెనీ డబ్బు లేని ట్రయల్‌లో కూడా ఫలితం అదే దిశలో వచ్చిందని పాఠకుడే గమనిస్తాడు. ‘పక్షపాతం ఉండవచ్చు’ అని ఊరికే ఒక ముక్క పడేస్తే ఏ ట్రయల్‌లో, ఏ ఫలితం మీద అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. వైవాలో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఆధారం ఒకటే అయినా తీర్పు వేరయ్యే సందర్భాలు నిజంగా ఉంటాయా?

ఉంటాయి. తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌తో అదుపు కాకపోతే తరవాత ఏం కలపాలన్న ప్రశ్నకు బీటీఎస్–సైన్ లాబా అంది. నైస్ 2017లో మాంటెలుకాస్ట్ కోవ మందు అంది. ఒకే దేశం, దాదాపు ఒకే సాహిత్యం. తేడా వచ్చింది ఖర్చు లెక్క దగ్గర. నైస్ ప్రతి సిఫారసునూ ఖర్చుకు తగ్గ ఫలితం అన్న తూకంతో చూస్తుంది, ఆ మాత్రలు చౌక. ఇలాంటి చోట ‘ఆధారాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి’ అని రాయడం తప్పు. విరుద్ధంగా ఉన్నవి ప్రాధాన్యాలు.

భారతీయ గైడ్‌లైన్ ఉంది కదా, అదొక్కటే చాలదా?

ఇండియన్ చెస్ట్ సొసైటీ, నేషనల్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ కలిసి తెచ్చిన ఉమ్మడి సిఫారసులు 2015లో ‘లంగ్ ఇండియా’లో వచ్చాయి. మన రోగులు, మన వసతులు దృష్టిలో పెట్టుకుని రాసినవి కాబట్టి వాటికి మీ రివ్యూలో చోటు ఉండాల్సిందే. కాకపోతే పైన చెప్పిన నాలుగు ట్రయల్స్ అన్నీ వాటి తరవాతవే. రిలీవర్ విషయంలో ఆ పత్రాన్ని జినాకు పోటీగా నిలబెట్టకండి. 2015 నాటికి ఏం తెలుసో దానికి సాక్ష్యంగా చూపండి.

ఎలా వెతకాలి?

పబ్‌మెడ్‌లో రెండు అన్వేషణలు విడిగా చేయండి. మొదటిది గైడ్‌లైన్లకు, రెండోది ట్రయల్స్‌కు.

```
asthma[ti] AND (guideline[pt] OR practice guideline[pt])

asthma[tiab] AND budesonide[tiab] AND formoterol[tiab]
AND ("as needed"[tiab] OR reliever[tiab])
AND randomized controlled trial[pt]
```

జినా, నైస్ పత్రాలు మొదటి అన్వేషణలో సరిగా దొరకవు. వాటిని ఆయా వెబ్‌సైట్ల నుంచే నేరుగా తీసుకోవాలి. వెతికిన తేదీ అక్కడికక్కడే రాసిపెట్టుకోండి.

పేరా ఎలా ఉండాలో రాసి చూపిస్తారా?

సాధారణంగా కనిపించేది ఇలా ఉంటుంది: ‘జినా ప్రకారం సాల్బుటమాల్ ఒక్కటే వాడకూడదు. ఎన్‌ఏఈపీపీ ప్రకారం వాడవచ్చు. నైస్ ప్రకారం వాడకూడదు. కాబట్టి చికిత్సను రోగిని బట్టి నిర్ణయించాలి.’ ఇందులో చివరి వాక్యం మొదటి మూడింటి నుంచి పుట్టలేదు. ఏ జబ్బు గురించైనా అదే వాక్యం రాయవచ్చు.

థీసిస్ ఇంగ్లీషులోనే రాస్తారు కానీ ఆలోచన ఏ వరుసలో సాగాలో తెలియడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను:

‘తేలికపాటి ఆస్తమా ఉన్న పెద్దవారిలో సాల్బుటమాల్ వంటి మందును స్టెరాయిడ్ లేకుండా వాడరాదని జినా 2019 నుంచి, బ్రిటన్ ఉమ్మడి గైడ్‌లైన్ 2024 నుంచి చెబుతున్నాయి. ఎన్‌ఏఈపీపీ 2020 అప్‌డేట్‌లో, వారంలో రెండు రోజులకు మించని లక్షణాలు ఉన్నవారికి ఆ చికిత్స కొనసాగింది. అయితే ఆ అప్‌డేట్ ఈ ప్రశ్నను పరిశీలించలేదు, దాని అన్వేషణ 2018 అక్టోబరుతో ముగిసింది. సిగ్మా-1లో అవసరమైనప్పుడు బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ వాడినవారిలో తీవ్రమైన అటాక్‌లు ఏడాదికి 0.20 నుంచి 0.07కు తగ్గాయి, లక్షణాల అదుపులో మాత్రం రోజువారీ బుడెసొనైడ్ మెరుగ్గా ఉంది. ఓపెన్ లేబుల్ ట్రయల్ అయిన నావెల్ స్టార్ట్‌లోనూ అటాక్‌లు దాదాపు సగమయ్యాయి. సిగ్మా-1 12 ఏళ్లు, ఆపై వయసున్నవారిలో, రోజువారీ చికిత్సకు అర్హులైనవారిలో జరిగింది. లక్షణాలు చాలా అరుదుగా ఉండేవారికి దాని ఫలితాలు పరోక్షంగానే వర్తిస్తాయి. అటాక్‌ల నివారణకు ప్రాధాన్యమిస్తే ఆధారాలు జినా వైఖరి వైపు మొగ్గుతున్నాయి. రోజువారీ లక్షణాల అదుపే లక్ష్యమైతే, రోగి రోజూ వాడగలిగితే, క్రమం తప్పని బుడెసొనైడ్‌కు స్థానం ఉంది.’

ఎవరు ఎక్కడ ఏకీభవించారో ముందు చెప్పాం. విభేదం ఉన్నచోట దాని కారణం వెంటనే చెప్పాం. అంకెలు రెండు వైపులవీ ఇచ్చాం. పరిమితిని ఆ అంకెల పక్కనే పెట్టాం, అధ్యాయం చివర విడిగా దాచలేదు. చివరి రెండు వాక్యాలు ఒక వైపు మొగ్గాయి, ఏ షరతు మీద మొగ్గాయో కూడా చెప్పాయి.

ఒక వైపు మొగ్గితే బ్యాలెన్స్ పోదా?

పోదు. రెండు వైపులా సమానంగా పదాలు కేటాయించడం బ్యాలెన్స్ కాదు. సాల్బుటమాల్ కోవ మందు ఒక్కటే వాడిన గుంపు ఉన్న ట్రయల్స్ రెంటిలోనూ అటాక్‌లు ఆ గుంపులోనే ఎక్కువ వచ్చాయి. దాన్ని ‘భిన్నాభిప్రాయాలు ఉన్నాయి’ అని సర్దితే పాఠకుడిని తప్పుదారి పట్టించినట్టే. రోజువారీ స్టెరాయిడా, అవసరమైనప్పటి కాంబినేషనా అన్న రెండో ప్రశ్నలో మాత్రం తూకం నిజంగానే దగ్గరగా ఉంది. అక్కడ రెండు వైపులా నిదానంగా రాయండి. ఈ రెండు ప్రశ్నలను విడదీయడంతోనే రివ్యూ సగం చక్కబడుతుంది.

పిల్లల సంగతి ఇదే పేరాలో పెట్టవచ్చా?

వద్దు, వేరే పేరా పెట్టండి. వయసు హద్దులే కలవవు: జినాలో 6–11, బ్రిటన్‌లో 5–11. సిఫారసులూ వేరు. బ్రిటన్ 2024 గైడ్‌లైన్ ఆ వయసులో రోజూ రెండు పూటలా తక్కువ మోతాదు స్టెరాయిడ్‌తో మొదలుపెట్టమంటుంది. జినా స్టెప్ 1లో సాల్బుటమాల్ తీసుకున్నప్పుడల్లా స్టెరాయిడ్ కూడా పీల్చమంటుంది. సిగ్మా అంకెలను ఏడేళ్ల పిల్లవాడికి వర్తింపజేస్తే అది రివ్యూ కాదు.

ఇక్కడి రోగులకు ఇవి వర్తిస్తాయా అని ఎగ్జామినర్ అడిగితే?

మూడు కోణాల్లో జవాబు సిద్ధం చేసుకోండి.

ఒకటి, రోగ నిర్ధారణ. పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసే మనిషికి సెలవు తరవాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ పట్టేసినట్టు ఉండి, వారం గడిచేకొద్దీ తగ్గుతుంటే అది బిసినోసిస్ కావచ్చు. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు వంట చేసిన అమ్మకు సీవోపీడీ కావచ్చు. ఈ ట్రయల్స్ వీళ్ల కోసం జరిగినవి కావు. మీ థీసిస్‌లో ఇలాంటివారు ఉంటే స్పైరోమెట్రీ ఆధారంగా ఎలా వేరుచేశారో చెప్పాలి. సాధారణంగా వాడే ప్రమాణం ఇది: బ్రాంకోడైలేటర్ ఇచ్చాక ఎఫ్‌ఈవీ1 కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరగడం.

రెండు, రోజూ వాడటం. సిగ్మా-1లో రోజుకు రెండుసార్లు గుర్తుచేసే ఏర్పాటు ఉంది, దాదాపు 79 శాతం మోతాదులు తీసుకున్నారు. అలాంటి గుర్తుచేత లేని సిగ్మా-2లో అది 63 శాతం దగ్గరికి పడింది. దమ్ము తగ్గగానే పంపు పక్కన పెట్టేసే మన రోగులకు రోజువారీ స్టెరాయిడ్ ట్రయల్‌లో ఇచ్చినంత ఫలితం ఇస్తుందని అనుకోలేం. అవసరమైనప్పటి కాంబినేషన్‌కు ఇక్కడ బలమైన వాదన అదే.

మూడు, ఖర్చు. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కన్నా కాంబినేషన్ ధర ఎక్కువ. మహబూబాబాద్ నుంచో ములుగు నుంచో వచ్చే కూలీకి అది చిన్న విషయం కాదు. మీరు డేటా సేకరించే ఆసుపత్రి ఫార్మసీలో ఆ నెల ఏ ఇన్‌హేలర్ ఉచితంగా దొరికింది, ఏది బయట కొనాల్సి వచ్చింది అన్నది రాసుకోండి. ఏ అంతర్జాతీయ గైడ్‌లైన్‌లోనూ లేని ఆ సమాచారం మీ చర్చా అధ్యాయానికి పనికొస్తుంది.

నా గైడ్ సార్ ‘మేం ఎప్పటినుంచో సాల్బుటమాలే ఇస్తున్నాం’ అంటున్నారు. ఎలా రాయాలి?

వాదనకు దిగకండి. సిగ్మా-1 ఫలితాల పట్టిక, నావెల్ స్టార్ట్ ఫలితాల పట్టిక ప్రింట్ తీసి చూపించండి. ‘సార్, ఇందులో మనకు వర్తించనిది ఏది?’ అని అడగండి. ఆయన చెప్పే అభ్యంతరాలు, రోగులు కొనలేరని, ఇన్‌హేలర్ సరిగా పీల్చరని, మిల్లు కార్మికుల సంగతి వేరని, చాలావరకు న్యాయమైనవే. వాటిని ‘వర్తింపు పరిమితులు’ కింద రాయండి. ట్రయల్ ఏం చూపించిందన్నది మాత్రం మార్చకండి.

సినాప్సిస్ ఇచ్చినప్పటి నుంచి థీసిస్ సమర్పించేలోపు గైడ్‌లైన్ మారిపోతే?

మారుతుంది. జినా ఏటా కొత్త పత్రం తెస్తుంది. మీరు రోగులను చేర్చుకున్న కాలంలో అమల్లో ఉన్న పత్రమే మీ పద్ధతులకు ఆధారం, దాన్ని మార్చకండి. రివ్యూను మాత్రం సమర్పించే ముందు ఒకసారి సరిచూసి, కొత్త పత్రంలో మీ ప్రశ్నకు సంబంధించిన సిఫారసు మారితే సంవత్సరంతో సహా ఒక వాక్యం చేర్చండి. బైండింగ్‌కు ఇచ్చే వారంలో కాకుండా, చర్చా అధ్యాయం గైడ్‌కు చూపించే ముందే ఈ పని చేస్తే రెండు అధ్యాయాల్లో రెండు వేర్వేరు సంవత్సరాల జినా కనిపించే ఇబ్బంది ఉండదు.